మార్కరు కొడుకు పెట్టిన తాళం

శ్రీకాకుళం నుంచి అరసవల్లి వెళ్లే దారిలో, గుడి ఇంకాస్త దూరం ఉందనగా, షారోన్ డిజిటల్ అనే కొట్టు ఉంది. యజమాని ఇమ్మానుయేలు. వయసు నలభై ఎనిమిది. మొదట్లో కుంచె పట్టుకుని బోర్డులు రాసేవాడు. బోర్డుల కాలం పోయాక ఫ్లెక్సు మిషను కొన్నాడు. ఊళ్లో ఆస్పత్రులకీ కోచింగు సెంటర్లకీ వెబ్‌సైట్లు కావలసొచ్చినప్పుడు అదీ నేర్చుకున్నాడు. ఊళ్లో పెద్దమనిషి ఎవరైనా పుట్టినరోజు చేసుకున్నా, కాలం చేసినా, ముందు తెలిసేది ఇంట్లోవాళ్లకి, తరవాత ఇమ్మానుయేలుకి. ఫొటో ఒకటే. చుట్టూ పువ్వుల రంగు మారుతుంది.

ఇమ్మానుయేలు తండ్రి సుందరరావు నాగావళి రిక్రియేషన్ క్లబ్బులో ముప్పై నాలుగేళ్లు మార్కరు. మార్కరంటే బిలియర్డ్సు బల్ల పక్కన నిలబడి, ఆడేవాళ్లకి కర్రలు అందించి, కర్ర మొనకి సుద్ద రాసి, ఎవరికెన్ని పాయింట్లు వచ్చాయో గట్టిగా చెప్పేవాడు. ఆటలో ఆయనంత తెలిసినవాడు ఆ క్లబ్బులో లేడని అందరూ అనేవారు. అంటూనే ఆయన్ని ముప్పై నాలుగేళ్లు నిలబెట్టారు. ఆ గదిలో గోడవారగా తొమ్మిది కుర్చీలుండేవి. సుందరరావు వాటి దుమ్ము తుడవడమే గాని కూర్చోవడం ఎవరూ చూడలేదు. చిన్నప్పుడు అన్నం క్యారేజీ పట్టుకెళ్లే ఇమ్మానుయేలు వెనక వరండా వరకే వెళ్లేవాడు. హాలు గుమ్మం మీద బోర్డుండేది: సభ్యులకు మాత్రమే. బోర్డులు రాయడం మొదలుపెట్టాక ఆ అక్షరాలు వెలిసిపోతే కొత్త రంగు వేసింది ఇమ్మానుయేలే. నిచ్చెన గుమ్మం బయటే వేసుకున్నాడు.

ఆ క్లబ్బులో సభ్యుడవ్వాలని ఇమ్మానుయేలు కోరిక. ఎందుకూ అంటే చెప్పలేడు. పేకాట రాదు. బిలియర్డ్సు బల్ల గుడ్డ చిరిగి పదేళ్లయింది. దాని మీద ఇప్పుడు పాత క్యారమ్ బోర్డులు పెట్టుకున్నారు. భార్య జ్ఞానసుందరి ప్రభుత్వాసుపత్రిలో నర్సు. మనుషుల్ని పడుకోబెట్టి చూసే ఉద్యోగం కాబట్టి ఎవరిమీదా పెద్ద భ్రమల్లేవు.

"ఆ క్లబ్బులో ఏటుందనయ్యా? పేకముక్కలూ పకోడీలూనూ," అనేది. "మన సంఘంలో సభ్యత్వానికి బాప్తిస్మం సాలు. ఆళ్లు నిన్ను ఏ నీళ్లలో ముంచుతారో సూసుకో."

అవకాశం నోటీసుబోర్డు రూపంలో వచ్చింది. క్లబ్బులో లోపలి విషయాలు రాసిపెట్టే అద్దాల బోర్డు ఒకటుంది. ఒక సభ్యుడు పేకాటలో అలిగి ఇంకో సభ్యుడి మీద టీ పోశాడనీ, ఇద్దర్నీ నెల్లాళ్లు దూరం పెట్టామనీ అందులో నోటీసు అంటించారు. సాయంత్రానికల్లా దాని ఫొటో విజయనగరం దాకా వాట్సాపుల్లో తిరిగింది. టీ వేడిగా ఉందా చల్లగా ఉందా అని కొత్తవలస నుంచి ఒకాయన ఫోను చేసి మరీ అడిగాడట. ప్రెసిడెంటు జగన్నాధం రిటైర్డు ఇంజనీరు. కాలవల మీద తలుపులు పెట్టించిన మనిషి. వెబ్‌సైటుకి కూడా తలుపు పెట్టించాలన్నాడు. బయటివాళ్లకి క్లబ్బు చరిత్ర, ఫొటోలు కనపడాలి. లోపలి నోటీసులు సభ్యులకే కనపడాలి.

సెక్రటరీ గిరిబాబు ప్లీడరు. నవ్వుతూ భుజమ్మీద చెయ్యేసి మాట్లాడతాడు. ఆ చెయ్యి ఎంతసేపుంటే అవతలివాడికి అంత పని పడుతుందని ఊళ్లో తెలుసు. ఇమ్మానుయేలు కొట్టుకొచ్చి ఆ చెయ్యి చాలాసేపు ఉంచాడు.

"పని నీదే ఇమ్మానుయేలూ. బయటోడికెందుకివ్వాలి? నువ్వు మా మనిషివి. మీ నాన్న మా మనిషి. సైటు పూర్తవగానే నీ అప్లికేషను పెట్టించేస్తాను. నీ పేరు ప్రతిపాదించే ప్రపోజరు రైసుమిల్లు చినబాబు గారు, బలపరిచే సెకండరుని నేను. ఇంకేటి!"

ఆ మాటలకి ఇమ్మానుయేలు అక్కడే పడిపోయాడు.

పని మాత్రం పద్ధతిగా చేశాడు. సైటులో సభ్యుల విభాగం విడిగా కట్టాడు. ఒక్కో సభ్యుడికి సభ్యత్వ సంఖ్యే లాగిన్ పేరు. నోటీసు పెట్టేటప్పుడు 'సభ్యులకు' అని గుర్తు పెడితే, లాగిన్ అయినవాళ్లకే అది తెరుచుకుంటుంది. మిగతావాళ్లకి లాగిన్ పేజీ వస్తుంది. అయిపోయిందనుకుని, తన పేరుతో కాకుండా వేరే బ్రౌజరులో బయటివాడిలా తెరిచి చూసుకున్నాడు. నోటీసు పేజీ రాలేదు. కాని దానికి జతచేసిన పీడీఎఫ్ లింకు నేరుగా కొడితే హాయిగా తెరుచుకుంది. వీధి తలుపుకి తాళం వేసి కిటికీ బార్లా తీసి ఉంచినట్టుంది వ్యవహారం. ఫైళ్లన్నీ బయటికి కనపడని చోటుకి మార్చి, ముందు లాగిన్ అడిగాకే ఫైలిచ్చేలా చేశాడు. ఈ పని జరిగిందని క్లబ్బులో ఎవరికీ తెలియదు. చెబితే కిటికీ ఎక్కడుందని అడుగుతారు.

అసలు కష్టం సభ్యుల జాబితాతో మొదలైంది. క్లబ్బులో జీవిత సభ్యుల రిజిస్టరు ఒకటుంది. అందులో పేరెక్కినవాడి పేరు కొట్టెయ్యడం ఆచారం కాదు. మనిషి పోతే పేరు పక్కన పెన్సిలుతో చిన్న చుక్క పెడతారు, అంతే. గీత గీస్తే పెద్దల్ని అవమానించినట్టట. ఆ రిజిస్టరుని గిరిబాబు గుమస్తా ఎక్సెల్లో టైపు చేసి పంపాడు. పేర్లు వచ్చాయి. చుక్కలు రాలేదు.

"సార్, నూటపన్నెండు పేర్లున్నాయి. ఇందులో పోయినోళ్లు కూడా ఉన్నారు," అన్నాడు ఇమ్మానుయేలు.

"రిజిస్టరులో ఉన్నోళ్లందరికీ చేసీ. పోయినోళ్లేటి, లాగినవుతారా?" అని గిరిబాబు నవ్వాడు.

తరవాత ఈమెయిళ్లు. ఒక్కో ఖాతాకి ఒక్కో ఈమెయిలు ఉండాలి. పాస్‌వర్డు మరిచిపోతే కొత్తది పెట్టుకునే లింకు దానికే వెళుతుంది. సభ్యుల్లో ముప్పై ఒక్కమంది ఒకే ఈమెయిలు రాసిచ్చారు. ఎవరిదా అని చూస్తే, డేఅండ్‌నైట్ జంక్షన్ దగ్గర వాళ్ల పెన్షను కాగితాలు నింపే నెట్ సెంటరు వాడిది. మరో ఇరవైమంది ఈమెయిలు గడిలో ఇంటి నంబరు రాశారు. ఈమెయిలు లేనివాళ్లకి ఇమ్మానుయేలే ఏదో ఒకటి కల్పించి ఖాతాలు తెరిచాడు. వేరు వేరు పాస్‌వర్డులు పెట్టి ఎవరిది వాళ్ల ఫోనుకి పంపాడు. మర్నాటి నుంచి ఫోన్లు.

"ఇమ్మానుయేలూ, నా పాస్‌వర్డు ఏదో ఓసారి సెప్పీ."

"అది నాకు కనపడదండి. కొత్తది పెట్టగలను గాని, పాతదేంటో నాకూ తెలీదు."

"కట్టినోడివి నువ్వే, నీకు తెలీదా? మేస్త్రీకి ఇంటి గదులు తెలీవా?"

పాస్‌వర్డు సైటులో అక్షరాలుగా ఉండదనీ, గుర్తుపట్టలేనంతగా మార్చి దాస్తుందనీ చెప్పి చూశాడు. దాస్తుందంటే ఎక్కడో ఉన్నట్టే కదా అని రిటైర్డు డీఎస్పీ ఒకాయన దర్యాప్తు మొదలెట్టాడు. వారం తిరిగేసరికి కమిటీ సమావేశమై తీర్మానం చేసింది: అందరికీ ఒకటే పాస్‌వర్డు. క్లబ్బు పేరు, పెట్టిన సంవత్సరం. అందరూ మరిచిపోతారేమోనని అటెండరు సోములు చేత దాన్ని చాకుపీసుతో టీ కౌంటరు ధరల పలక మీద పకోడీల కింద రాయించారు.

"సార్, ఒకటే పాస్‌వర్డయితే ఎవరి నంబరుతో ఎవరైనా లోపలికెళ్లొచ్చు," అన్నాడు ఇమ్మానుయేలు.

"ఇక్కడుండేదంతా జెంటిల్మెన్," అన్నాడు జగన్నాధం.

జెంటిల్మెన్ మాట వచ్చాక ఇమ్మానుయేలు నోరు మూసుకున్నాడు. ఒక్కటి మాత్రం తీసెయ్యకుండా ఉంచాడు. ఎవరి నంబరుతో, ఏ రోజు, ఎన్ని గంటలకి, ఏ కనెక్షను నుంచి లోపలికొచ్చారో రాసుకునే లాగ్. తీసెయ్యమని ఎవరూ అడగలేదు, అలాటిదొకటి ఉంటుందని ఎవరికీ తెలియదు కాబట్టి.

ఇక అభ్యంతరాల పెట్టె. కొత్తగా ఎవరైనా సభ్యత్వం అడిగితే వాళ్ల పేరు పదిహేను రోజులు నోటీసులో ఉంచుతారు. ఇష్టం లేని సభ్యుడు పేరు లేకుండా చీటీ రాసి, తాళం వేసిన చెక్కపెట్టెలో వేస్తాడు. మూడు చీటీలు పడితే అప్లికేషను పోయినట్టే. ఎవరు వేశారో అడగరు, ఎందుకు వేశారో చెప్పరు. మర్నాడు అందరూ అతన్ని రోడ్డు మీద చూసి ఆప్యాయంగా పలకరిస్తారు. దాన్ని కూడా సైటులోకి ఎక్కించమన్నారు. ఇమ్మానుయేలు ఫారం తయారుచేశాడు. రాసినవారి పేరు రాతతో పాటు నిలవ ఉండదు. కాని ఒక నంబరు నుంచి రెండోసారి రాకుండా, 'ఈ నంబరు వాడుకుంది' అని విడిగా టిక్కు పడుతుంది. రాతలు కమిటీకే, గడువయ్యాకే తెరుచుకుంటాయి.

ఆ ఫారంలో ఎక్కిన మొదటి పేరు దాన్ని కట్టినవాడిదే. బి. ఇమ్మానుయేలు, ప్రపోజరు చినబాబు, సెకండరు గిరిబాబు. నోటీసుని 'సభ్యులకు' అని గుర్తుపెట్టి తన చేత్తోనే పెట్టాడు. పెట్టాక బయటివాడిలా తెరిచి చూశాడు. తెరుచుకోలేదు. పని బాగా కుదిరిందని తృప్తిపడాలో, తన పేరు తనకే కనపడలేదని బాధపడాలో తెలియలేదు.

తొమ్మిదో రోజు పొద్దున్న జగన్నాధం ఫోను.

"ఇమ్మానుయేలూ, నీ సైటు పనిచెయ్యడం లేదయ్యా."

"ఏమైంది సార్?"

"అభ్యంతరం వేద్దామని వెళితే, మీరు ఇదివరకే వేశారు అంటోంది. నేనసలు ఆ గుమ్మమే తొక్కలేదు. నా నంబరు మీద ఎవడో ముందే వేసేశాడు!"

ప్రస్తుతం నోటీసులో ఉన్న పేరు ఒక్కటే.

"ఎవరి మీద సార్ అభ్యంతరం?"

సంగతి పెద్దాయనకి అప్పుడు తట్టినట్టుంది.

"అది... నీ మీద కాదయ్యా. పద్ధతి మీద. స్టాఫు కుటుంబాలు సభ్యులవడమన్నది... సరే, అది వేరే విషయం. ముందు నా ఓటు ఎవడు దొంగిలించాడో చూడు. ఇది చాలా సీరియస్!"

తన మీద వెయ్యాల్సిన రాయి ఎవరో ఎత్తుకుపోయారని ఫిర్యాదు. కట్టినవాడు కాబట్టి ఆ రాయి వెతికి పెట్టాల్సిందీ తనే. ఇమ్మానుయేలు కుర్చీ లాక్కుని లాగ్ తెరిచాడు.

ఏడు నంబర్లకి టిక్కు పడింది. ఏడూ ఒకే మంగళవారం, పగలు పదకొండూ పది నుంచి పదకొండున్నర లోపల. ఏడూ ఒకే కనెక్షను, క్లబ్బు ఆఫీసుది. ఏడూ ఒకే బ్రౌజరు. ఒక నంబరు బయటికి రావడం, రెండు నిమిషాలకి ఇంకోటి లోపలికెళ్లడం. నంబర్లు పేర్లతో సరిచూశాడు. ఒకటి జగన్నాధానిది. ముగ్గురు సభ్యులు శ్రీకాకుళం వదిలి ఏళ్లయింది. అందులో ఒకాయన బరంపురంలో కూతురి దగ్గర మంచంలో ఉన్నాడు. మిగతా మూడు పేర్లు చూసి ఇమ్మానుయేలు లేచి నిలబడ్డాడు. డాక్టరు గారితో సహా ముగ్గురికీ శ్రద్ధాంజలి ఫ్లెక్సులు వేసింది తనే. కంప్యూటరులో ఫైళ్లింకా ఉన్నాయి.

రాతలు తెరిస్తే చూడగలడు. సైటుకి పెద్ద తాళంచెవి తన దగ్గరే ఉంది. తెరవలేదు. తెరవాలనిపించక కాదు. తెరిచినట్టు కూడా ఆ లాగ్‌లో పడుతుంది, అది పెట్టింది తనే.

సంగతి విని జ్ఞానసుందరి కంచంలో అన్నం వడ్డిస్తూ ఆగింది.

"సచ్చినోళ్లు లేచొచ్చి నీకొద్దన్నారా? మన పాస్టరు గారికి తెలిస్తే ఆదివారం వాక్యానికి పనికొస్తాది. ఇంకెందుకయ్యా, వదిలీ."

"వదిలితే ఆళ్లు సెప్పిందే నిజమౌతాది."

"ఆళ్లు సెప్పిందీ నిజమే కదా. నువ్వొద్దని కదేటి?"

"ఎంతమంది ఒద్దన్నారో తేలాలి. ఏడుగురా, ఒక్కడా?"

మర్నాడు క్లబ్బు ఆఫీసులో జగన్నాధం, గిరిబాబు, ఎదురుగా ఇమ్మానుయేలు. ఇమ్మానుయేలు నిలబడే ఉన్నాడు. లాగ్ కాగితం మీద ప్రింటు తీసి బల్ల మీద పెట్టాడు.

"మంగళవారం పొద్దున్న ఆఫీసులో ఎవరున్నారు?" అన్నాడు జగన్నాధం.

గుమ్మం దగ్గర టీ పట్టుకుని నిలబడ్డ సోములు చెప్పాడు. "నానూ, సెకట్రీ బాబూ ఉన్నామండి. నాను కంప్యూటరు తుడిసీసి ఎలిపోనానండి. దాన్ని ముట్టుకుంటే కరెంటు కొడతాదని బాబే సెప్పినారు."

గిరిబాబు నవ్వాడు. కోర్టులో సాక్షి తిరగబడ్డప్పుడు కూడా ఆయన నవ్వుతాడు.

"ఇది సర్వరులో లోపం సార్. ఇలాటివి వస్తుంటాయి. ఏం ఇమ్మానుయేలూ, వైరసు అయ్యుంటాది కదా?"

"వైరసుకి సభ్యత్వ నంబర్లు తెలీవండి."

"అయినా అభ్యంతరం చెప్పే హక్కు జీవిత సభ్యులకి ఉన్నాది. డాక్టరు గారూ వేసుండొచ్చు."

"డాక్టరు గారి శ్రద్ధాంజలి ఫ్లెక్సు నేనే వేశాను సార్. నాలుగు బై ఆరు. ప్రూఫు చూసింది మీరే. 'అశ్రునయనాలతో' అన్నది పెద్దక్షరాల్లో వెయ్యమన్నారు."

జగన్నాధం, గడువు కాకపోయినా, కమిటీ హక్కు మీద రాతలు తెరవమన్నాడు. ఏడు రాతలూ ఒకటే వాక్యం: క్లబ్బు వాతావరణానికి సరిపడరు. బతికున్నవాళ్లూ, పోయినవాళ్లూ, మంచంలో ఉన్నాయనా ఒకే మాట మీద నిలబడ్డారు. ఆ క్లబ్బు చరిత్రలో అంత ఐకమత్యం ఎప్పుడూ లేదు.

జగన్నాధం కళ్లద్దాలు తీశాడు. "నేనూ ఇదే రాద్దామనుకున్నాను," అని, అందరూ తనవైపు చూసేసరికి, "నా మాటల్లో," అన్నాడు.

"చూడు ఇమ్మానుయేలూ," గిరిబాబు చెయ్యి భుజమ్మీదికి వచ్చింది. "నీ మంచికే. కొందరు పెద్దలు బాధపడతారు. నువ్వు లోపలికొచ్చి అవమానపడకూడదని. సైటు పని ఎలాగూ నీదే. నువ్వెప్పుడూ మా మనిషివే."

ఇమ్మానుయేలు ఆ చేతి కిందనుంచి పక్కకి జరిగాడు.

"సార్, ప్రెసిడెంటు గారి ఓటు పోయిందని ఫిర్యాదొచ్చింది. సరిచెయ్యాలి. ఆ ఏడూ రద్దుచేస్తాను. పోయినవారి ఖాతాలు ఆపేస్తాను. ఉన్నవారికి విడివిడిగా కొత్త పాస్‌వర్డులు పెట్టి కవర్లలో ఇస్తాను. ఎవరిది వాళ్లే వచ్చి సంతకం పెట్టి తీసుకోవాలి. నోటీసు మళ్లీ పదిహేను రోజులు. కమిటీ ఒప్పుకుంటే."

జగన్నాధానికి వేరే దారి లేదు. ఒప్పుకోకపోతే ఆయన ఓటూ పోతుంది. తీర్మానం మీద ఆయనే సంతకం పెట్టాడు. ఒక మనిషిని వద్దనే హక్కు కాపాడుకోడానికి ఆ మనిషి చేతికే తాళాలన్నీ ఇచ్చాడు. గిరిబాబు రాజీనామా సంగతి ఎవరూ ఎత్తలేదు. జెంటిల్మెన్ మధ్య అలాటివి ఎత్తరు.

సోములు రిజిస్టరు పట్టుకొచ్చి పెన్సిలు చుక్కలు లెక్కపెట్టాడు. పంతొమ్మిది. పంతొమ్మిది ఖాతాలు మూతపడ్డాయి. తెరిచి వదిలేసిన లాగిన్‌లన్నీ ఒక్కసారి బయటికి వచ్చేశాయి. పలక మీద పకోడీల కింది పాస్‌వర్డుని సోములు తడిగుడ్డతో తుడిచాడు. పకోడీలు కూడా కొంచెం చెరిగాయి.

తొంభై మూడు కవర్లు. మొదటి వారంలో నలభైమంది తీసుకున్నారు. తీసుకున్నవాళ్లలో సగంమంది లోపల మొదటిసారి పాస్‌వర్డు మార్చుకోమని అడిగేసరికి భయపడి ఫోను కట్టేశారు. జగన్నాధం మాత్రం కవరు, ఫోను పట్టుకుని స్వయంగా షారోన్ డిజిటల్‌కి వచ్చాడు.

"ఇక్కడ నొక్కండి సార్. ఇప్పుడు మీకు గుర్తుండే కొత్త పాస్‌వర్డు కొట్టండి. నేను అటు తిరుగుతాను."

"తిరిగావా?"

"తిరిగానండి. రెండోసారి కూడా అదే కొట్టండి. వచ్చిందా? ఇప్పుడు నోటీసులు. కింద నా పేరు. దాని కింద 'అభ్యంతరం' అని ఎర్ర బటన్."

పెద్దాయన ఒంటివేలితో పావుగంట రాశాడు. మధ్యలో 'సంప్రదాయం'లో సున్నా ఎలా పడుతుందని అడిగాడు. ఇమ్మానుయేలు అటు తిరిగే చెప్పాడు. పంపాక 'మీ అభ్యంతరం నమోదైంది' అని ఆకుపచ్చ గీత వచ్చింది. జగన్నాధం సంతోషించాడు.

"బాగా చేశావయ్యా! చాలా సులువుగా ఉంది," అని వెన్నుతట్టి వెళ్లాడు.

అలా ఒకటి. పన్నెండో రోజుకి టిక్కుల లెక్కలో రెండు అని కనపడింది. రెండోది ఎవరిదో ఇమ్మానుయేలు చూడలేదు. ఆ మధ్యాహ్నం గిరిబాబు రోడ్డు మీద స్కూటరు ఆపి మరీ, పిల్లల చదువులు ఎలా ఉన్నాయని అడిగాడు.

మూడు పడితే పోయినట్టు. పదిహేనో రోజు సాయంత్రం ఆరింటికి గడువు. ఆ రోజు ఇమ్మానుయేలు ఒక ప్రారంభోత్సవం ఫ్లెక్సు మీద మంత్రి పక్కన ఉండాల్సిన మనిషిని రెండుసార్లు తప్పుగా అతికించాడు. అయిదూ నలభైకి ఫోను మోగింది. చినబాబు. రైసుమిల్లు ఆసామి. తన ప్రపోజరు.

"ఒరే ఇమ్మానుయేలూ! ఏటిరా ఈ మాయదారి తలుపు? అయిదుసార్లు కొట్టినాను. ఇరవై నిమిషాలు ఆగమంతంది!"

తప్పు పాస్‌వర్డు అయిదుసార్లు కొడితే ఇరవై నిమిషాలు ఖాతా మూసుకుపోతుంది. ఇమ్మానుయేలు పెట్టిన నియమమే.

"అర్జంటేటి బాబూ?"

"అర్జంటు కాకపోతే నీకెందుకు సేస్తాన్రా? ఆరు లోపల లోపలికెళ్లి నొక్కాలి. ఆరు దాటితే కుదరదంట. బేగి తెరు!"

ఆరు దాటితే కుదరని బటన్ ఒకటే ఇమ్మానుయేలుకి గుర్తొచ్చింది. ప్రపోజరు కూడా సెకండరులాటివాడేనా? ఏమీ చెయ్యకుండా కూర్చుంటే చాలు. ఇరవై నిమిషాలంటే సరిగ్గా ఆరు. ఆ తలుపు తనంతట తను తెరుచుకునేసరికి గడువు దాటుతుంది. ఎవరూ తప్పు పట్టలేరు. యంత్రం యంత్రం పని చేసిందంటే గిరిబాబు కూడా నోరెత్తలేడు.

గోడ గడియారంలో అయిదూ నలభై మూడు.

మంగళవారం పదకొండూ పదికి ఆఫీసులో కూర్చున్న మనిషి కూడా ఇలాగే అనుకుని ఉంటాడు, ఎవరికి తెలుస్తుంది అని. ఇమ్మానుయేలు మనసులో ఒక బూతుమాట అనుకుని, ఖాతా తాళం తీశాడు.

"తీశాను బాబూ. కొత్త పాస్‌వర్డు సెప్తన్నాను, రాసుకోండి. లోపలికెళ్లాక మార్చుకోండి."

అవతల ఊపిరి చప్పుడు, వేలి చప్పుడు. "ఆఁ, తెరుసుకున్నాది. ఎక్కడరా అది? సెప్పు, సూడు, నాకు కనపడట్లేదు."

"ఎర్ర బటన్ బాబూ," అన్నాడు ఇమ్మానుయేలు.

"ఎర్రదేట్రా? చేపల ఏపుడుకి ఎర్ర బటనెందుకు? ఆదివారం కళింగపట్నం పిక్నిక్కు నోటీసురా! ఆరు లోపల పేరివ్వాలంట. నాలుగు సీట్లు. మా బావమరిది కుటుంబమొచ్చింది."

ఇమ్మానుయేలు కుర్చీలో వెనక్కి వాలాడు. పిక్నిక్కు నోటీసు కూడా తన చేత్తోనే పెట్టాడు. గడువు కూడా తనే పెట్టాడు. మరిచిపోయాడు.

"నీలం బటన్ బాబూ. కిందుంది."

"పడింది. నీ గోలేట్రా, ఎర్రదంటావు, నీలందంటావు? అవునూ, నీ పేరు కూడా ఇక్కడున్నాది. నువ్వొత్తన్నావా పిక్నిక్కుకి?"

"ఆరు దాటనివ్వండి, సెప్తాను."

ఆరైంది. ఎర్ర బటన్ దానంతట అది మాయమైంది. లెక్క రెండు దగ్గరే ఆగింది. నూటపన్నెండు మంది రిజిస్టరులో, తొంభై మూడు మంది భూమ్మీద ఉన్న క్లబ్బులో ఇద్దరు వద్దన్నారు. తొంభై ఒక్కమంది కావాలన్నారని కాదు. చాలామందికి తలుపు తెరవడం రాలేదు. ఆ సంగతి ఇమ్మానుయేలుకి అందరికంటే బాగా తెలుసు. నియమం మాత్రం నియమమే. మర్నాడు జగన్నాధం తీర్మానం పంపాడు. ఇమ్మానుయేలు తనకి తనే ఖాతా తెరుచుకున్నాడు. నంబరు నూటపదమూడు.

తరవాతి శనివారం సాయంత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరాడు. జ్ఞానసుందరి గుమ్మంలోంచి చూసి, "ముంచినప్పుడు ముక్కు మూసుకో," అంది.

హాలు గుమ్మం మీద తను రంగు వేసిన అక్షరాల కిందనుంచి లోపలికి వెళ్లాడు. ఎవరూ ఆపలేదు. ఎవరూ రమ్మనలేదు కూడా. పాత బిలియర్డ్సు గదిలో అయిదారుగురు పేకాడుతున్నారు. రిటైర్డు డీఎస్పీ తలెత్తి చూశాడు.

"ఆఁ, ఇమ్మానుయేలూ! మంచి టయానికొచ్చావు. ఇలా రా. ఇది మళ్లీ లోపలికి పోనివ్వడం లేదు." ఫోను చాపాడు.

ఇమ్మానుయేలు వెళ్లి ఆ కుర్చీ పక్కన నిలబడి, వంగి ఫోను అందుకున్నాడు. అవతలి బల్ల నుంచి ఇంకొకాయన, "అయ్యాక ఇటు కూడా ఓసారి," అన్నాడు. మూడో ఆయన మాట్లాడకుండా ఫోను గాల్లో ఊపాడు. గిరిబాబు మూలనుంచి నవ్వుతూ, "మెంబరుండగా మనకి లోటేటి!" అన్నాడు.

రెండో బల్ల దగ్గరికి నడుస్తూ ఇమ్మానుయేలు సగంలో ఆగాడు. గోడకి ఇంకా ఆ కర్రలు పెట్టే చట్రం ఉంది. సుద్ద పెట్టే చిన్న గూడు కూడా ఉంది. దాని పక్కన గోడ మీద, మనిషి భుజం ఎత్తున, జిడ్డు మరక ఒకటి. ఏళ్ల తరబడి ఒకే చోట ఒకే మనిషి ఆనుకుంటే పడే మరక.

అతను గోడవారనున్న కుర్చీ ఒకటి లాక్కుని, సరిగ్గా ఆ మరక ముందు వేసుకుని కూర్చున్నాడు. కాలు మీద కాలు వెయ్యబోయి, అలవాటు లేక మానేశాడు.

"పాస్‌వర్డు కావలసినోళ్లు ఒక్కొక్కరే ఇటు రండి సార్," అన్నాడు.

డీఎస్పీ, గిరిబాబు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరూ లేవలేదు. అప్పుడు జగన్నాధం లోపలికొచ్చాడు. చేతిలో ఫోను, కళ్లద్దాలు నుదుటి మీద.

"ఇమ్మానుయేలూ, ఎక్కడున్నావయ్యా? కొత్త నోటీసు తెరుచుకోవడం లేదు."

"ఇక్కడున్నాను సార్."

ప్రెసిడెంటు నడిచొచ్చి కుర్చీ పక్కన నిలబడి, వంగి ఫోను అందించాడు. ఆయన వెనకాల డీఎస్పీ నెమ్మదిగా లేచి వచ్చాడు. ఆ వెనకాల ఫోను ఊపినాయన. గుమ్మంలో పకోడీల పళ్లెంతో ఆగిపోయిన సోములు ఆ వరస చూసి, ముందు ఎవరికివ్వాలో తేల్చుకోలేక, కూర్చున్నవాడికి ఇచ్చాడు.